అంపశయ్య మీద తలగడ

(ఏకాదశి సాయంకాలం ఆలయ ఉపన్యాస మంటపంలో జరిగిన సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



దర్శనం ముగించుకొని బయటికి వచ్చినవారిలో కొందరు ప్రసాదం పొట్లం చేత పట్టుకొని తిన్నగా ఆసుపత్రికి వెళుతూ ఉంటారు. అక్కడ మంచం మీద ఒక మిత్రుడో, బంధువో ఉంటాడు. ఈ సాయంకాలం నేను మాట్లాడదలచినది ఆ పొట్లం పట్టుకొని వెళ్ళే మనిషిని గురించి. అలా వెళ్ళినవారిలో నేనూ ఒకణ్ణి. వెళ్ళి పొరపాటు చేసినవాణ్ణి కూడా. కనుక దానితోనే ఆరంభిస్తాను.

నా బాల్యమిత్రుడు ఒకరికి గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. ఐదవ రోజున ఐసీయూ నుంచి గదికి మార్చారని తెలిసి, సాయంత్రం నాలుగు గంటలకు వెళ్ళాను. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో నేను కూర్చున్నాను. అతని భార్య నిలబడే ఉంది. చిన్ననాటి బడి ముచ్చట ఒకటి చెప్పి నవ్వించాను. అతడు నవ్వబోయి, చటుక్కున తలగడను రొమ్ముకు అదుముకొని కళ్ళు మూసుకున్నాడు. నేను ఆగలేదు. చివరకు ఓదార్పుగా భావించి, ‘‘ఏ జన్మలో ఎవరికి ఏమి చేశామో, అనుభవించక తప్పదు కదరా!’’ అన్నాను. అతడు గోడవైపు తిరిగాడు. నిద్ర వచ్చిందనుకొని లేచాను. అప్పటికి గంటంబావు గడిచింది.

ద్వారం దాకా వచ్చిన ఆ ఇల్లాలు మెల్లగా అన్నది: ‘‘అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఈ రోజు వచ్చినవారిలో మీరు తొమ్మిదోవారు. పొద్దుటినుంచి ఆయన కన్ను మూయలేదు.’’

నెల రోజుల తరువాత మిత్రుడే చెప్పాడు: ‘‘ఆ రాత్రంతా నేను ఎవరికి ఏ అపకారం చేశానా అని లెక్క పెట్టుకుంటూ పడుకున్నానురా.’’ ఆ మాట ఈనాటికీ నన్ను విడువలేదు.

మహాభారతం భీష్మపర్వంలో ఒక ఘట్టం మనందరికీ తెలిసినదే. భీష్ముడు అంపశయ్య మీద ఒరిగాడు. ఒళ్ళంతా బాణాలు మోస్తున్నాయి కాని తల మాత్రం వేలాడుతున్నది. తలగడ కావాలన్నాడు. రాజులు పరుగెత్తి మెత్తని పట్టు తలగడలు తెచ్చారు. ఆయన అవి వద్దని అర్జునుని వైపు చూశాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తలకు ఆధారం కల్పించాడు. ఆ తరువాత దాహమన్నప్పుడు రాజులు భక్ష్యాలు, చల్లని నీటి కుండలు తెచ్చారు. వాటినీ కాదన్నాడు. అర్జునుడు బాణంతో నేలను చీల్చి నీటిధార రప్పించాడు. రాజుల ప్రేమలో లోపం లేదు. వారు తమ దగ్గర ఉన్నది తెచ్చారు. అర్జునుడు పడుకున్నవానికి కావలసినది చూశాడు. పరామర్శకు వెళ్ళేవారికి ఇంతకు మించిన పాఠం అక్కరలేదని నా భావన.

నా మిత్రునికి ఆనాడు కావలసినది ఏమిటి? బైపాస్ చికిత్సలో సాధారణంగా రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, పని ముగిసిన తరువాత తీగలతో బిగించి కడతారు. ఆ ఎముక తిరిగి అతుక్కొని గట్టిపడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా నొప్పి. అందుకే దగ్గు వచ్చినప్పుడు తలగడను రొమ్ముకు అదుముకోమని నేర్పుతారు. ఊపిరితిత్తులలో కఫం నిలవకుండా, మూడు బంతులున్న చిన్న ప్లాస్టిక్ సాధనంతో పలుమార్లు ఊపిరి లోపలికి పీల్చాలి. తెల్లవారుజామునే రక్తపరీక్షకు లేపుతారు. ఆపైన ఎక్స్‌రే, మాత్రలు, నడిపించడం. వీటి మధ్య దొరికే గంటసేపు నిద్రే అతనికి ఔషధం. ఆ గంటను నేను తీసుకున్నాను.

కొన్ని వారాలకు ఆ కుట్ల దగ్గర చీము పట్టి అతణ్ణి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఈసారి వెళ్ళేముందు ఆ ఇల్లాలికి ఫోను చేసి, మనుషులను చూడాలని అతనికి ఉన్నదా, ఏ వేళ అనుకూలమని అడిగాను. వైద్యులు చూసి వెళ్ళాక పదకొండు గంటలకు రమ్మన్నది. నాకు జలుబో జ్వరమో ఉంటే ఆ రోజు మానుకొనేవాణ్ణే. గది బయట చేతులు శుభ్రం చేసుకున్నాను. మంచం మీద కూర్చోక, కుర్చీని అతడు తల తిప్పకుండా నన్ను చూడగలిగే చోటికి జరుపుకున్నాను. కూర్చుంటూనే, ‘‘పావుగంట ఉండి వెళతాను’’ అన్నాను. ఈ ఒక్క మాటతో రోగికి పెద్ద భారం తీరుతుంది. వచ్చినవాణ్ణి ఎలా సాగనంపాలా అని అతడు ఆలోచించనక్కరలేదు.

‘‘మాట్లాడాలని ఉందా, ఊరకే కూర్చోమంటావా?’’ అని అడిగాను. కాసేపు పైకప్పు వైపు చూసి, ‘‘మళ్ళీ కోస్తారేమోనని భయంగా ఉందిరా’’ అన్నాడు. పూర్వమైతే ‘‘ఛ! ఏమీ కాదు, ధైర్యంగా ఉండు’’ అని అతని నోరు మూసి ఉండేవాణ్ణి. ‘‘ఏమీ కాదు’’ అనడానికి నేను వైద్యుణ్ణి కాను. ఆ మాట వింటే రోగి తన భయాన్ని లోపలే దాచుకుంటాడు. అందుకని, ‘‘భయంగానే ఉంటుంది. డాక్టరుగారు ఏమన్నారు?’’ అన్నాను. అతడు అయిదు నిమిషాలు చెప్పాడు, నేను విన్నాను. మధ్యలో సలహా ఇవ్వలేదు.

ఆ తరువాత అతని పెరటి సన్నజాజి పందిరి గురించి చెప్పాను. పక్కింటి ఆవు ఈనిందనీ, దూడ నుదుట తెల్లని చుక్క ఉందనీ చెప్పాను. అతడు అడిగిన మొదటి ప్రశ్న, ‘‘పందిరికి నీళ్ళు ఎవరు పోస్తున్నారు?’’ అని. మంచం పట్టినవానికి ఊరి సంగతులు చిన్నవి కావు. తన ఇల్లు, తన వీధి తనకోసం ఎదురుచూస్తున్నాయన్న కబురు అది. అయితే ఇంటి అప్పులు, పిల్లల తగవులు, తీర్పు చెప్పవలసిన వ్యవహారాలు అక్కడికి మోసుకుపోకూడదు.

కొంతసేపటికి అతని జవాబులు ఒక్కొక్క మాటకు కుదించుకుపోయాయి. చేయి దుప్పటి అంచును సవరిస్తున్నది. రెప్పలు బరువెక్కాయి. చూపు తలుపువైపు పోతున్నది. ‘‘ఉండండి, అప్పుడేనా?’’ అని నోరు మర్యాదకు అన్నా, ఈ గుర్తులు అబద్ధం చెప్పవు. పన్నెండు నిమిషాలకే లేచాను. సాధారణంగా పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. ఒకేసారి ఇద్దరికి మించి గదిలో ఉండకూడదు. నర్సు వచ్చినప్పుడు ఎవరూ చెప్పకముందే బయటికి రావాలి. రోగి నిద్రలో ఉంటే లేపక, రెండు మాటలు చీటీ మీద రాసి ఇచ్చి రావడం కూడా పరామర్శే.

వెళుతూ ఆ ఇల్లాలితో, ‘‘ఏదైనా అవసరమైతే చెప్పమ్మా’’ అనలేదు. అలా అంటే అడగవలసిన భారం ఆమెది అవుతుంది. ‘‘చెల్లెమ్మా, రేపు ఉదయం ఆరు నుంచి పది దాకా నేను ఇక్కడ కూర్చుంటాను. నువ్వు ఇంటికి వెళ్ళి స్నానం చేసి, కాస్త నడుము వాల్చి రా’’ అన్నాను. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకున్నది. పది రోజులుగా ఆమెను అలా అడిగినవారు లేరు.

ఇక అనకూడని మాటలు. ‘‘ఎంత చిక్కిపోయావు!’’ అనడం ఎదుట అద్దం పెట్టి భయపెట్టడమే. ‘‘మా బావమరిదికీ ఇదే ఆపరేషన్...’’ అని మొదలైన కథ ఎక్కడ ముగుస్తుందో చెప్పేవారికే తెలియదు. ‘‘ఈ ఆసుపత్రికి ఎందుకు వచ్చారు?’’ అన్న ప్రశ్న, కోత పడిన తరువాత, ఉన్న నమ్మకాన్ని కూడా తీసివేస్తుంది. ఖర్చెంతయిందని అడిగేవారు అందులో కొంత ఇవ్వడానికి సిద్ధపడి అడగాలి.

అన్నింటికన్నా భక్తులమైన మనం జాగ్రత్త పడవలసిన మాట నేను ఆనాడు అన్నదే. ‘‘పూర్వజన్మ పాపం’’, ‘‘ఏదో మొక్కు మరచి ఉంటావు’’ అని మనం అలవోకగా అంటాం. కర్మ సిద్ధాంతం నా నడవడిని నేను దిద్దుకోవడానికి పెద్దలు ఇచ్చినది. ఎదుటివాని గాయాన్ని కొలవడానికి ఇచ్చినది కాదు. కదలలేక పడుకున్నవానిపై ఆ మాట పడితే, శరీరపు నొప్పికి అపరాధ భావం తోడవుతుంది. స్వామి తన చేయి విడిచిపెట్టాడేమోనన్న శంక పుడుతుంది. స్వామి ప్రసాదం చేత పట్టుకొని వెళ్ళి ఆ శంకను నాటి రావడం కన్నా అపచారం ఏముంది?

ప్రసాదం మాటకు వస్తే, రోగి నోటికి అందించే ముందు నర్సును అడగండి. శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా కనీసం ఆరు గంటలు ఘనాహారం ఇవ్వరు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ‘‘స్వామి ప్రసాదమే కదా’’ అని పెట్టిన చిన్న లడ్డు ముక్క వల్ల ఆపరేషన్ వాయిదా పడవచ్చు. మూత్రపిండాలు చెడినవారికి కొబ్బరినీళ్ళు అమృతం కావు. అందులోని పొటాషియం ఒంట్లో పేరుకొని గుండె లయను తప్పించగలదు. పైగా వారు తాగే నీటికీ కొలత ఉంటుంది. పూలు, విభూతి, కుంకుమ ఐసీయూలోకి తీసుకుపోవద్దు. కుట్ల దగ్గర ఏ పొడీ పడరాదు. వాటిని ఇంటివారికి ఇవ్వండి. ‘‘నీ పేరు మీద అర్చన చేయించాను’’ అని చెప్పండి. ఆ మాటకు పథ్యం లేదు.

నా మిత్రుడు కోలుకున్నాడు. రెండవసారి కోయవలసిన అవసరం రాలేదు. ఈమధ్య ఇద్దరం కలిసి ఇదే ఆలయానికి వచ్చాం. ధ్వజస్తంభం దగ్గర కూర్చున్నప్పుడు, మొదటిసారి అన్న మాటకు క్షమించమన్నాను. అతడు నవ్వి, ‘‘రెండోసారి నువ్వు దూడ సంగతి చెప్పావు చూడు, ఆ రాత్రి దాన్ని తలుచుకుంటూ నిద్రపోయానురా’’ అన్నాడు.

పట్టు తలగడ తీసుకువెళ్ళిన రాజునూ నేనే. ఒక్కసారైనా అతని తలకింద ఏమి కావాలో చూడగలిగినందుకు స్వామికి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.