పుస్తకం మూశాక ఐదు నిమిషాలు



పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక, పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలతో మాట్లాడటానికి నాకు ఒక్క నిమిషమే దొరుకుతుంది. అంతలో పది సలహాలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఒకటే చెబుతాను. ఆ మాటలే ఇవి:

"పిల్లలూ, ఈ రాత్రి జీవశాస్త్రంలో గుండె పాఠం తీయండి. రక్తం నడిచే దారి ఉన్న ఒక్క పేజీ చాలు. అర్థం చేసుకుంటూ పది నిమిషాలు చదివి, పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద ఐదు నిమిషాలు ఆ దారి రాయండి. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు... ఆ తర్వాత ఏమిటో తోచక ఆగిపోతారు. ఆగినా పుస్తకం తెరవొద్దు, గుర్తు తెచ్చుకోండి. ఐదు నిమిషాలయ్యాక తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్రపెన్నుతో దిద్దండి. పేజీ అంతా మళ్లీ చదవకండి, ఎర్రగా ఉన్నవే చదవండి. రేపు పొద్దున పుస్తకం తెరవకముందే ఇంకోసారి రాయండి. నాలుగు రోజులకు మరోసారి."

అంతే, నిమిషం అయిపోతుంది. ఇక్కడ కాస్త సమయం ఉంది కాబట్టి కారణం కూడా చెబుతాను. పుస్తకం ముందుంటే ప్రతి వాక్యమూ వచ్చినట్టే ఉంటుంది. వనపర్తికి బస్సులో ఎన్నిసార్లు పోయినా, బండి మనం నడిపిన రోజే ఏ మలుపు తెలియదో తెలుస్తుంది కదా. ధమని అంటే మంచి రక్తమని బట్టీపట్టిన పిల్లవాడు పుపుస ధమనిలోనూ ఆక్సిజన్ నిండిన రక్తమే ఉందని రాస్తాడు. పదిసార్లు చదివినా బయటపడని ఈ తప్పు, ఒక్కసారి రాస్తే బయటపడుతుంది.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులతో ఇది పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారికి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక మాత్రం ఒకసారి చదివి, చూడకుండా రాసినవారే ముందున్నారు. చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం గుర్తుంది. అందుకే తెల్లారితే పరీక్ష అన్న రాత్రి దీన్ని మొదలుపెట్టి ప్రయోజనం లేదు. జనవరిలోనే అలవాటు చేయాలి.

మొదటిరోజు పిల్లలు "ఏమీ వస్తలేదు సార్" అంటారు. కాగితం సగం ఎర్రగా ఉంటుంది మరి. కొందరు మధ్యలో పుస్తకం తొంగిచూస్తారు. వాళ్ల కాగితం మీద ఎరుపే కనబడదు, అక్కడే దొరికిపోతారు. కొందరు రాసి, దిద్దకుండా పడుకుంటారు. వాళ్లకు తప్పే గట్టిపడే ప్రమాదం ఉంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. మొదటి కాగితం, మూడో కాగితం పక్కపక్కన పెట్టి చూడండి. అదే చోట మూడోసారి కూడా ఎరుపు ఉంటే, ఆ ముక్క పిల్లవాడికి అర్థం కాలేదేమోనని అనుమానించి, తిరిగి రాయించే ముందు ఇంకోసారి బోర్డు మీద చెప్పి చూడండి.