అద్దెకు అడిగిన వారందరికీ ఒకే కొలత

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అద్దెదారు వివరాలు ఆరా తీయడానికి ముందే, దేన్ని బట్టి ఎంచుకుంటారో యజమాని రాతపూర్వకంగా చెప్పాలి. అందుకు వాడే మార్కుల పట్టికను మనుషుల్ని చూశాక రాస్తే అది ఇష్టాయిష్టాల పట్టికే అవుతుంది.

ఆదాయం సంగతి చూద్దాం. అద్దె 1,500 డాలర్లు, ఆదాయం దానికి మూడు రెట్లుండాలన్నది నియమం. ఒకామె సంపాదన 1,300 డాలర్లే. అయితే ప్రభుత్వ వోచర్ 1,100 డాలర్లు కడుతుంది, ఆమె వాటా 400. అక్కడి చట్టం ప్రకారం వోచర్ సొమ్ము తీసేశాకే లెక్క కట్టాలి. అప్పుడు 1,200 చాలు, ఆమె నెగ్గినట్టే! మొత్తం అద్దెతో లెక్కిస్తే అన్యాయంగా ఓడేది.

సిఫార్సుల్లో ఒక చిక్కుంది. ఇప్పటి యజమాని, వదిలించుకోవాలనుకునే వ్యక్తిని కూడా పొగడవచ్చు. అందుకే అంతకు ముందటి యజమానినీ అడగాలి. అద్దె సకాలంలో కట్టారా, మళ్లీ ఇల్లిస్తారా అన్న అవే ప్రశ్నలు అందరి విషయంలోనూ వేయాలి.

హైదరాబాద్ నుంచి కొత్తగా సియాటిల్ చేరిన ఉద్యోగికి అక్కడ అద్దె చరిత్రే ఉండదు. దానికి సున్నా వేయడం తప్పు. బదులుగా ఉద్యోగ నియామక పత్రం తీసుకోవచ్చు, కానీ ఆ వెసులుబాటు చరిత్ర లేని ప్రతివారికీ వర్తిస్తుందని పట్టికలో ముందే రాసి ఉండాలి.