అకౌంటు తీసేస్తే ఆటలేమవుతాయి?

స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్నది ఆట కాదు, ఆ ఒక్క అకౌంటుకు దక్కే అనుమతి.

అకౌంటు తొలగించమని స్టీమ్ సపోర్ట్‌ను కోరితే 30 రోజుల గడువిస్తారు. ఈలోగా మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. గడువు దాటిందా, కొన్న ఆటలూ క్లౌడ్‌లో దాచిన సేవ్‌లూ తిరిగిరావు. ముందుగా తమ్ముడి అకౌంటుకు మార్చేద్దామన్నా కుదరదు.

కంప్యూటర్‌లోనే ఉండే సేవ్‌ల సంగతి వేరు. స్టీమ్‌లోని `userdata` ఫోల్డర్‌నూ, కొన్ని ఆటలు వాడుకునే `Documents` ఫోల్డర్‌నూ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. వాటిని తెరవడానికి కొత్త అకౌంటులో ఆటను మళ్లీ కొనక తప్పదు. పాత అకౌంటు నంబరుతో ముడిపడిన సేవ్‌లైతే అప్పుడూ తెరుచుకోవు.