దగ్గితే జారే మూత్రం, తొందరపెట్టే మూత్రం
(మహిళల, వయోవృద్ధుల ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చీర తడుస్తుందని చెప్పుకోవడానికి మన ఇళ్లలో ఆడవారు సంకోచిస్తారు. కాన్పుల తరువాత ఇది సహజమేనని పెద్దవారు, వయసు మీద పడిందని వైద్యం తెలియనివారు చెప్పి ఊరుకుంటారు. తరచుగా కనిపించేదే గాని, భరించక తప్పనిది మాత్రం కాదు. మూత్రం జారడమంతా ఒకే జబ్బు కాదన్న సంగతి మొదట గ్రహించాలి. ఏ రకమో తేలనిదే చికిత్స కుదరదు.

సోలాపూరులో ఇంటివద్ద బీడీలు చుట్టే 54 ఏళ్ల తెలుగు స్త్రీ ఒకామెను ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు మూడు కాన్పులు. పొగాకు ధూళికి దగ్గు వస్తుంది. దగ్గినప్పుడల్లా కొద్దిగా మూత్రం చిమ్ముతుంది. ఏడాదిగా మరొకటి తోడయింది: కార్ఖానాలో బీడీలు అప్పగించి ఇల్లు చేరి తలుపు తాళం తీసేలోగా ఆపుకోలేనంత తొందర పుడుతుంది, లంగా పూర్తిగా తడిసిపోతుంది. దానికి భయపడి ఆమె నీళ్లు తగ్గించింది.

డాక్టరు మొదట మూత్రపరీక్ష చేయించింది. ఇన్ఫెక్షను గాని, చక్కెర గాని ఉంటే తొందర వాటివల్లనే కావచ్చు. అవి లేవని తేలాక మూడు రోజుల పట్టిక రాయమంది: ఎప్పుడు ఎంత తాగింది, కొలపాత్రలో ఎంత మూత్రం వచ్చింది, ఎప్పుడు జారింది, అప్పుడేమి చేస్తున్నది. రాయడం రాని ఆమెకు కూతురు రాసిపెట్టింది.

ఒకరోజు పట్టిక చూడండి. పగలు పదిసార్లు, రాత్రి రెండుసార్లు, మొత్తం పన్నెండుసార్లు ఆమె మూత్రానికి వెళ్లింది. వచ్చినది ప్రతిసారీ దాదాపు 90 మిల్లీలీటర్లే. మామూలు మూత్రాశయం హాయిగా 300 మిల్లీలీటర్లకు పైగా పట్టుకోగలదు. అంటే సంచి నిండకముందే ముడుచుకుంటున్నదన్నమాట. ఇది తొందర రకం. దగ్గుతో పాటే మొదలై దగ్గుతో పాటే ఆగిన చిన్న తడి మూడుసార్లు కనిపించింది. అది ఒత్తిడి రకం. ఇక్కడ ఒత్తిడి అంటే మనసులోని చింత కాదు, పొట్ట లోపలినుంచి మూత్రాశయం మీద పడే బరువు. ఆ మాట విని కొందరు తమ కోపతాపాలే కారణమనుకుంటారు. కాన్పులవల్ల వదులైన అడుగు కండరాలు ఆ బరువును ఆపలేవు. ఈ రెండూ కలిసి ఉండడం చాలామందిలో చూస్తాము.

ఒత్తిడి రకానికి కండరాల సాధన. అపానవాయువును, మూత్రాన్ని ఒకేసారి బిగబట్టినట్లు లోపలికి, పైకి లాగాలి. ఊపిరి ఆపరాదు, పొట్ట, పిరుదులు బిగించరాదు, కిందికి ముక్కరాదు. మూడు అంకెలు లెక్కించేవరకు పట్టి, అంతసేపూ వదలాలి. క్రమంగా పది అంకెలకు పెంచాలి. పూటకు ఎనిమిది చొప్పున రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. రెండు వారాలు చేసి గుణం లేదని మానేసేవారే ఎక్కువ. దగ్గు వస్తున్నదని తెలియగానే ముందుగా బిగించడం నేర్చుకుంటే చీర తడవడం తగ్గుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదు.

తొందర రకానికి మూత్రాశయానికి అలవాటు మార్చాలి. పట్టిక ప్రకారం ఆమె దాదాపు గంటన్నరకొకసారి వెళుతున్నది గనుక, మొదటివారం గంటంపావుకొకసారి, తొందర ఉన్నా లేకున్నా వెళ్లమన్నారు. తరువాత వారానికి పదిహేను నిమిషాలు పెంచగా ఆరవ వారానికి వ్యవధి రెండున్నర గంటలయింది. మధ్యలో తొందర పుడితే పరుగెత్తక, కూర్చుని కండరాలు బిగించి, ఆ ఉధృతి తగ్గాకనే లేవాలి. నాలుగు కప్పుల చాయ్ రెండుకు తగ్గించింది. నీళ్లు మాత్రం పెంచింది. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి తొందర మరింత పెరుగుతుంది.

మూడు నెలలకు దగ్గుతో జారడం జలుబు చేసినప్పుడే మిగిలింది. తొందర అప్పుడప్పుడు ఉన్నది. అది బాధిస్తే మాత్రలున్నాయి గాని, నోరెండడం, మలబద్ధకం కలుగుతాయి. ముసలివారిలో కొన్ని మతిని తికమకపెట్టగలవు.

పెద్దవారి విషయంలో మరి రెండు మాటలు. చుక్కచుక్కగా ఎప్పుడూ కారుతూ, పోసినా ఇంకా మిగిలినట్లుంటే, సంచి నిండి పొర్లుతున్నదేమో చూడాలి. దీర్ఘకాలపు మధుమేహంలోను, మగవారిలో ప్రోస్టేటు పెరిగినప్పుడును ఇలా జరుగుతుంది. దీనికి పైన చెప్పిన తొందర మాత్రలు హానికరం. కొందరికి మూత్రాశయం బాగానే ఉన్నా మోకాళ్ల నొప్పితో మరుగుదొడ్డి చేరలేరు. వారికి మంచం పక్కన పాత్రే మందు. రక్తపోటు మాత్రలలో కొన్ని పొడిదగ్గు తెస్తాయి, కొన్ని మూత్రం ఎక్కువచేస్తాయి. వాటిని స్వయంగా మానక డాక్టరుకు చూపి మార్పించుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం బొత్తిగా రాకపోయినా, నడుమునొప్పితో కాళ్లు తిమ్మిరెక్కి అదుపు హఠాత్తుగా తప్పినా పట్టికలు రాస్తూ కూర్చోరాదు. ఆనాడే దవాఖానాకు వెళ్లాలి.