రెండా, నాలుగా? ఒక ఆరోహణ అనుక్రమం అవధి గురించి
(స్మారకోపన్యాసం)



గురువుగారు మాకు డిగ్రీలో వాస్తవ విశ్లేషణ చెప్పారు. బోర్డు దగ్గర ఎవరైనా “అవధి L అనుకుందాం” అని మొదలుపెడితే, “అసలు ఉందని ఎవరు చెప్పారు?” అని ఆపేసేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో ఆ ప్రశ్న గురించే, ఒక్క లెక్క పట్టుకుని మాట్లాడతాను.

x మీద x ఘాతం, దాని మీద మళ్లీ x, ఇలా అంతులేకుండా పేర్చుకుంటూ పోతే మొత్తం విలువ 2 కావాలి. x ఎంత? అడుగున ఉన్న x ను వదిలేస్తే పైన మిగిలేది కూడా అదే గోపురం కాబట్టి దాని విలువా 2. అంటే x² = 2, x = √2. ఇప్పుడు విలువ 4 కావాలనుకోండి. అదే తర్కంతో x⁴ = 4 వస్తుంది. మళ్లీ x = √2! ఒకే గోపురం 2కూ 4కూ రెండింటికీ సమానమైపోయింది.

బీజగణితంలో ఎక్కడా తప్పు లేదు. గోపురానికి ఒక విలువ ఉందని, అది మనం కోరినదేనని ముందే ఒప్పేసుకోవడంలో ఉంది చిక్కంతా. అందుకని గోపురాన్ని మెట్టు మెట్టుగా కడదాం.

x₁ = √2, xₙ₊₁ = (√2)^xₙ

మొదటి పదాలు ఇవి: 1.4142, 1.6325, 1.7608, 1.8409, 1.8927, 1.9270. పెరుగుతున్నాయని కంటికి కనిపిస్తోంది, కానీ ఆరు పదాలు చూసి అన్నింటి గురించీ తీర్పు చెప్పలేం. గణితానుగమనం వాడదాం. √2 ఒకటి కంటే పెద్దది, కాబట్టి ఘాతం పెరిగితే విలువా పెరుగుతుంది. x₁ < x₂ అని చూశాం. xₙ < xₙ₊₁ అయితే రెండు వైపులనూ √2 మీద ఘాతాలుగా పెట్టగానే xₙ₊₁ < xₙ₊₂ వస్తుంది. కాబట్టి అనుక్రమం ఆరోహణమే.

ఇక ఎగువ హద్దు. x₁ < 2. xₙ < 2 అయితే xₙ₊₁ < (√2)² = 2. కాబట్టి ఏ పదమూ 2ను చేరదు.

పెరుగుతూ, హద్దు దాటని అనుక్రమానికి అవధి ఉండి తీరుతుంది. ఇది ఇంత తేలిగ్గా చెప్పేస్తాం గానీ, డెడెకిండ్‌కు ఇది ఇబ్బందిగానే తోచింది. 1858లో జ్యూరిక్‌లో కలన గణితం బోధిస్తూ, దీనికి బొమ్మ గీసి చూపడం తప్ప గట్టి ఉపపత్తి చేతిలో లేదని గమనించాడు. ఆ వెదుకులాటలోనే వాస్తవ సంఖ్యలకు తన నిర్వచనం దొరికింది. దాన్ని 1872లో ప్రచురించాడు. అకరణీయ సంఖ్యలతోనే సరిపెట్టుకుంటే ఈ సిద్ధాంతం నిలవదు: √2 దశాంశాలను 1.4, 1.41, 1.414 అని కోసుకుంటూ పోయిన అనుక్రమం పెరుగుతుంది, హద్దులోనే ఉంటుంది, కానీ దాని అవధి అకరణీయ సంఖ్య కాదు.

ఇప్పుడు L అనడానికి మనకు హక్కు వచ్చింది. (√2)^x అవిచ్ఛిన్న ప్రమేయం కాబట్టి xₙ₊₁ = (√2)^xₙ లో రెండు వైపులా అవధి తీసుకుంటే L = (√2)^L. దీనికి 2, 4 రెండూ సాధనలే. ఘాత వక్రం పైకి వంగుతూ పోతుంది, సరళరేఖ దాన్ని రెండు చోట్లకు మించి ఖండించలేదు, కాబట్టి మూడో సాధన లేదు. రెండింటిలో ఏది? పదాలన్నీ 2 కంటే తక్కువ, కాబట్టి L ≤ 2. అంటే L = 2.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎగువ హద్దుగా 2 బదులు 4 తీసుకున్నా అనుగమనం నడిచేది: xₙ < 4 అయితే xₙ₊₁ < (√2)⁴ = 4. అవధి ఉందనీ తేలేది. కానీ అది రెండా, నాలుగా అన్నది చెప్పలేకపోయేవాళ్లం. అవధి ఉందనడానికి ఏ హద్దయినా చాలు, అది ఏదో తేల్చడానికి మాత్రం బిగుతైన హద్దే కావాలి. ముందుగా చిత్తుకాగితం మీద సమీకరణం సాధించి, మూలాలు చూసి హద్దు ఎంచుకోవడంలో తప్పు లేదు. జవాబులో మాత్రం హద్దు ముందు, సమీకరణం తరువాత.

మరి 4 ఎందుకొచ్చింది? సూత్రం అలాగే ఉంచి మొదటి పదం మార్చి చూడండి. 3తో మొదలుపెడితే తరువాతిది 2.828, పదాలు తగ్గుతూ 2కు దిగుతాయి. 4తో మొదలుపెడితే అక్కడే ఉండిపోతాయి. 5తో అయితే 5.66, 7.10, 11.7 అంటూ హద్దు లేకుండా పోతాయి. 4 సమీకరణానికి మూలమే, కానీ సరిగ్గా దాని మీద నిలబడితే తప్ప ఏ అనుక్రమమూ అక్కడికి చేరదు.

చివరగా √2 స్థానంలో 1.5 పెడదాం: 1.5, 1.837, 2.106, 2.349, 2.592. నెమ్మదిగానే పెరుగుతున్నాయి, ఎక్కడో ఆగేలాగే కనిపిస్తాయి. కానీ L = 1.5^L కు వాస్తవ మూలమే లేదు. ఆరోహణ అనుక్రమం హద్దులో ఉండి ఉంటే అవధి ఉండేది, ఆ అవధి సమీకరణాన్ని తృప్తిపరచేది. అలాంటి సంఖ్య లేదు కాబట్టి హద్దూ లేదు. పదాలు అనంతానికి పోతాయి. ఒకటి కంటే పెద్ద ఆధారాలకు, అవధి ఉండటానికీ లేకపోవడానికీ మధ్య సరిహద్దు e^(1/e), అంటే సుమారు 1.4447. √2 దానికి కాస్త ఇవతల, 1.5 కాస్త అవతల.

కాబట్టి విద్యార్థులకు నా మాట ఇది. L రాసే ముందు ఆరోహణమో అవరోహణమో చూపండి, హద్దు చూపండి. L కు ఒకటికి మించి విలువలు వచ్చినప్పుడు ఏది ఉంచాలో, ఏది కొట్టేయాలో చెప్పేది ఆ హద్దే.