మొదటి ముక్క చిన్నది చేసుకుందాం

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము మాట్లాడదలచింది వాయిదాల గురించి. కోర్టు వాయిదాలు మనకు తెలిసినవే. మనకు మనం వేసుకునే వాయిదాల సంగతి ఈ రోజు చూద్దాం. "రేపు రాస్తా, ఎల్లుండి పోతా" అంటూ పనిని నెట్టుకుంటూ పోతుంటాం. దీనికి అందరూ పెట్టిన పేరు బద్ధకం. ఆలస్యం అమృతం విషం అని సామెత కూడా చెప్తారు. సామెత నిజమే గానీ, అది విని లేచి పని మొదలుపెట్టినవాణ్ణి మేమింతవరకు చూడలేదు.

ఒక సంగతి చెప్తాం వినండి. ఒక ఊళ్ళో మన తమ్ముడొకడు, పదో తరగతి చదివాడు. అసైన్డు భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో ఆ కాగితాల నకళ్ళు ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. జూన్ 3న అందినట్టు రసీదు ఉంది. 2005లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. జూలై 3 దాటింది, జవాబు లేదు. అట్లాంటప్పుడు పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దానికీ 30 రోజులే గడువు, అంటే ఆగస్టు 2 దాకా. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించి అధికారిని ఒప్పించుకోవాలి. ఒప్పుకుంటే సరే, లేకపోతే మళ్ళీ మొదటికొస్తాం. ఇంతకీ అప్పీలంటే ఒక పేజీ కాగితం. మనవాడు మూడు వారాలు గడిచినా రాయలేదు.

అతను సోమరా? ఆ మూడు వారాలూ నాట్ల కాలం. తెల్లవారకముందే లేచి నారు మోశాడు. పొద్దుగూకేదాకా బురదలో నిలబడ్డాడు. అట్లాంటి మనిషి అరగంట కాగితం ముందు కూర్చోలేకపోయాడంటే, బద్ధకం అనే మాటతో దాని లెక్క తేలదు. మన వాడల్ని సోమరులని తిట్టినవాళ్ళ నోటి మాటే మనమూ పట్టుకొని మనవాళ్ళను తిడుతున్నామేమో ఆలోచించండి.

మేము కూర్చోబెట్టి అడిగాం, ఆ సంచి తీస్తే నీకేమైతది అని. అతను చెప్పింది ఇది: "కాగితాలు చూస్తే కడుపులో ఏదో అయితది అన్నా. తప్పు రాస్తే ఆఫీసుల నవ్వుతరు. పై అధికారి ఎవరో తెల్వదు. యాడ మొదలుపెట్టాల్నో తెల్వదు. సంచి మూసి మేకుకు తగిలిస్తే నిమ్మళమైతది."

ఆ ఆఖరి మాట దగ్గర కాసేపు ఆగుదాం. సంచి మూయగానే నిమ్మళమైంది. ఆ నిమ్మళమే కూలీ లాంటిది. పని తప్పించుకున్నందుకు మనసుకు అప్పటికప్పుడు ముట్టిన కూలీ. ఒకసారి ముట్టింది గనక రేపు కూడా మనసు అటే పోతుంది. పైగా రేపటికి "నిన్న రాయలేదు" అనే సిగ్గు కూడా ఆ కాగితానికి అంటుకుంటుంది. ఒక పేజీ కాగితం రోజురోజుకీ బరువెక్కుతుంది. కెనడా దేశంలో తిమోతీ పిచిల్, ఫ్యూషా సిరోయిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2013లో రాసిన వ్యాసంలో ఈ మాటే చెప్పారు. మనిషి వాయిదా వేసేది ఆ క్షణంలో కలిగే చెడ్డ భావాన్ని వదిలించుకోవడానికి అన్నారు. పని మీద ఎంత విముఖత ఉంటే అంత వాయిదా పడుతుందని పీర్స్ స్టీల్ అనే ఆయన 2007లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పాడు.

కాబట్టి మొదట అడగాల్సింది, ఈ పనిలో ఏ ముక్క చేదుగా ఉందని. మన తమ్ముడికి మూడు చేదులున్నాయి. నవ్వుతారన్న భయం, ఎవరికి రాయాలో తెలియకపోవడం, మొదలెక్కడో తెలియకపోవడం. "అప్పీలు రాయాలి" అనుకున్నప్పుడల్లా మూడూ ఒక్కసారే మీద పడుతున్నాయి. విడదీస్తే ఒక్కో పూట ఒక్కటే ఎదురవుతుంది.

మొదటి రోజు అతనికి చెప్పిన పని ఇంతే. అన్నం తిని కంచం కడిగాక సంచి దించి, దరఖాస్తు నకలు, రసీదు చాప మీద పెట్టు. రాయొద్దు. చూసి మళ్ళీ సంచిలో పెట్టెయ్. రెండు నిమిషాల పని. రెండో రోజు తెల్ల కాగితం మీద తేదీ, తన పేరు, ఊరు, "విషయం: మొదటి అప్పీలు" అని రాయాలి. అధికారి పేరు దగ్గర ఖాళీ వదిలెయ్యాలి. తప్పులు పడితే పడనీ, ఇది చిత్తు కాగితం. మూడో రోజు ఒకే ఒక్క వాక్యం: "జూన్ 3న దరఖాస్తు చేసుకున్నాను, 30 రోజులు దాటినా జవాబు రాలేదు." అది రాశాక ఎవరూ చెప్పకుండానే కింద ఇంకో నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. ఆ వాక్యమే అప్పీలుకు ప్రాణం గనక, మిగతాది దాని వెనకే వచ్చింది. చాలా ఆఫీసుల్లో సమాచార అధికారి పేరు, అప్పీలు అధికారి పేరు గోడ మీద బోర్డులో ఉంటాయి. నాలుగో రోజు ఆ పేరు చూసి వచ్చాడు. జూలై 29న రిజిస్టర్ పోస్టులో పంపాడు.

మొదటి ముక్క ఎంత చిన్నదిగా ఉండాలి? ఒంట్లో నలతగా ఉన్న రోజు, కరెంటు పోయిన రాత్రి కూడా చెయ్యగలిగేంత. ఇంకో గుర్తు ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళకు అది కంటికి కనబడాలి. "అప్పీలు గురించి ఆలోచిస్తా" అంటే ఎవరికీ కనబడదు, అది ముక్క కాదు. "సంచి దించుతా" అంటే కనబడుతుంది. ఎప్పుడు చేస్తామో కూడా రోజూ చేసే ఇంకో పనికి ముడివెయ్యాలి. "తీరిక దొరికితే" అంటే దొరకదు. "కంచం కడిగాక" అంటే రోజూ వస్తుంది. మూడు పూటలు గడిచినా ఆ ముక్క జరగలేదంటే మనిషిని తప్పుపట్టకండి, ముక్క ఇంకా పెద్దదిగా ఉందని లెక్క. ఇంకా కొయ్యండి.

ఇందులో రెండు చోట్ల దారి తప్పుతాం. ఒకటి దొంగ ముక్క. కొత్త నోటుపుస్తకం కొనడం, మంచి పెన్ను వెతకడం, నకళ్ళు తీయించడానికి టౌనుకు పోవడం. పని చేస్తున్నట్టే ఉంటుంది గానీ చేదు ముక్కను తాకదు. రెండోది, "రెండు నిమిషాలే" అని కూర్చోబెట్టి రెండు గంటలు రాయించడం. అట్లా మోసం చేస్తే మర్నాడు మనసు ఆ సంచి దగ్గరికి రాదు. ఆపెయ్యొచ్చు అని చెప్తే నిజంగా ఆపనివ్వాలి.

నాయకత్వంలో ఉన్నవాళ్ళకు ఒక మాట. మీటింగులో నిలబెట్టి "ఇంకా రాయలేదా" అని కడిగేస్తే ఆ కాగితానికి ఇంకింత సిగ్గు అంటించినవాళ్ళమవుతాం. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో విద్యార్థుల్ని చూశారు. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసి, అందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు.

అన్ని ఆలస్యాలకూ ఇది మందు కాదు. కాగితం మీద పేరు పడితే రేపు కూలికి పిలవరన్న భయం ఉంటే, ఆ భయం ఉత్త మనసులోది కాదు, బయట ఉన్నదే. దాన్ని ముక్కలు చేసి లాభం లేదు. అట్లాంటి అర్జీ పదిమంది పేర్లతో, సంఘం తరఫున పోవాలి. అట్లాగే వారాల తరబడి స్నానం, తిండి కూడా బరువనిపించే మనిషి ఉంటే వాయిదా అనుకోకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి సంచిలో ఆగిపోయిన కాగితం ఉందో అది తీసి చాప మీద పెట్టండి. రాయొద్దు. అందులో ఏ ముక్క చేదుగా ఉందో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పండి. ఈ పూటకు అంతే పని.