అర్హతుడు, బోధిసత్త్వుడు

సుమేధుని కథతో ఈ ప్రసంగమును ప్రారంభింతుము. దీపంకర బుద్ధుడు వచ్చు త్రోవలో బురద ఉండగా, ఆయన పాదములకు అది సోకకుండుటకై సుమేధుడను తాపసి జటలు విప్పి నేలపై పరుండెనని పాళీ గ్రంథమగు బుద్ధవంసము చెప్పుచున్నది. ఆ దినముననే అర్హతుడై సంసారమును దాటగల శక్తి అతనికి కలదు. అయినను తానొక్కడు దాటుటకు ఇష్టపడక, తానును బుద్ధుడై అనేకులను దాటింపవలెనని సంకల్పించెను. అతడే పెక్కు జన్మలకు పిమ్మట గౌతముడయ్యెను.

రెండు ఆదర్శములును ఈ కథలోనే కలవు. రాగద్వేషమోహములను నశింపజేసి, మరల జన్మలేని స్థితిని పొందినవాడు అర్హతుడు. బుద్ధత్వమునకై దానశీలాది పారమితలను అనేక కల్పములు సాధించువాడు బోధిసత్త్వుడు. తొలి సంఘము సుమేధుని పూజించెను గాని అనుకరింపలేదు. గౌతముడు మార్గము చూపియుండగా, దానిననుసరించి అర్హతులగుటయే వారి లక్ష్యము. క్రీస్తుశకారంభ ప్రాంతమున కొందరు ఆ కథను వేరుగా గ్రహించిరి. గౌతముడు నడచిన త్రోవ అదియైనచో, తామును దానినే ఏల నడువరాదని తలచిరి. పూజ్యమగు చరిత్ర ఆచరింపదగిన వ్రతమయ్యెను.

స్వార్థపరులగు భిక్షువులపై గృహస్థులు తిరుగబడగా మహాయానము పుట్టెనని చాలకాలము పలువురు తలచిరి. ఉగ్రపరిపృచ్ఛ అను ప్రాచీన సూత్రము ఈ తలంపును నిలువనీయదు. అది క్రీ.శ. 2వ శతాబ్దాంతమునకే చీనా భాషలోనికి పరివర్తితమయ్యెను. ఉగ్రుడు గృహస్థుడే, కాని అతనికి గృహవాసముకంటె సన్న్యాసమే మేలని అందు బోధింపబడినది. అతడు విహారమునకు పోయి, వినయధరులెవరో, అరణ్యవాసులెవరో, బోధిసత్త్వమార్గమున నున్నవారెవరో తెలిసికొని, ఒక్కొక్కరికడ తగినది నేర్చుకొనవలెను. అర్హతమార్గమువారిపై నింద అందు కానరాదు. అనగా ఒకే విహారమున, ఒకే వినయనియమముతో, రెండు గమ్యములవారు వసించుచుండిరి. బోధిసత్త్వమార్గము అందరికిని విధింపబడినది కాదు. కఠినవ్రతము పూనగల కొందరిది.

ఇట్టి సహవాసమున చిక్కు లేకపోలేదు. దీర్ఘమార్గమే గొప్పదన్నచో, ప్రక్క గదిలోని వృద్ధ అర్హతుని ఏమనవలెను? సద్ధర్మపుండరీకము దీనికొక సమాధానము చెప్పెను. శారిపుత్రుడంతటి అర్హతుడును మున్ముందు బుద్ధుడే యగునని అందు చెప్పబడినది. ఇది గౌరవమో, న్యూనతయో వినువారి స్థానమును బట్టి యుండును. అయినను ఉభయులును విహారములను పంచుకొనుట మానలేదు. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు, ఇరువురకును వినయ మొక్కటేయనియు, బోధిసత్త్వులను పూజించి మహాయాన సూత్రములు చదువువారే మహాయానులనియు వ్రాసెను.

ఇక మన నాగార్జునకొండను చూతము. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి, మహాచైత్యమున స్తంభము నిలిపి శాసనము వ్రాయించెను. అందు తనకు నిర్వాణమును, సర్వలోకమునకు హితసుఖములను కోరినది. మహాయానమను పేరు అందు లేదు. గ్రంథకర్తలు విడదీసిన రెండు కోరికలను ఆ దాత ఒక్క శిలపైననే చెక్కించెను. సంఘములలో మార్పు ఎంత మెల్లగా, ఎంత కలసిమెలసి జరిగెనో ఆ శిలయే మాకు తెలుపుచున్నది.